ఓవెన్‌లో కాలీఫ్లవర్: పైన కరకర, లోపల మెత్తన

ప్రశ్న: ఓటీజీలో కాలీఫ్లవర్‌ను, బంగాళాదుంపలను కోయకుండా కాలిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటున్నాయి. ఎంత వేడి, ఎంతసేపు పెట్టాలి?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: పైపొరలోని తడి ఆవిరయ్యేదాకా అక్కడి వేడి 100 డిగ్రీల సెల్సియస్‌ను పెద్దగా దాటదు, సుమారు 140 దాటితేనే అది ఎర్రగా వేగి కరకరలాడుతుంది కనుక, కడిగిన కూరగాయను గుడ్డతో పొడిగా తుడిచి నూనె పట్టించాలి. అరకిలో పైబడిన కాలీఫ్లవర్‌ను అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, ముందే 200 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 40 నిమిషాలు ఉంచితే తనలోని ఆవిరికే మధ్య కాడ ఉడుకుతుంది. ఆపై ఫాయిల్ తీసి 220 డిగ్రీల వద్ద మరో 20 నిమిషాలు కాల్చాలి. బంగాళాదుంపలను ఫోర్కుతో గుచ్చి, ఏదీ కప్పకుండా 200 డిగ్రీల వద్ద సుమారు గంట కాల్చాలి. కప్పితే తొక్క మెత్తబడుతుంది. కత్తి మొన అడ్డులేకుండా మధ్యదాకా దిగితే లోపల ఉడికినట్లే.