యాతూరు రాయి, నెడగొల్ల ఇనుము

పోయిన నెల మన గోడపత్రికలో నేను రాసిన వ్యాసంలో ఒక తప్పు ఉంది. "ముందు రాతి ఉల్కలు పుట్టాయి. అవి కరిగితే తర్వాత ఇనుప ఉల్కలు తయారయ్యాయి" అని ధైర్యంగా రాసేశాను. బీఎస్సీ ఫైనలియర్ అక్క ఒకావిడ ఆ కాగితం ముందు నిలబడి చదివి, నన్ను పిలిచి ఒకే ప్రశ్న అడిగింది. "సరే, కొన్ని కరిగాయి అన్నావు. మరి మిగతావి ఎందుకు కరగలేదు?" నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ వెళితే నేను రాసిన వరసే తలకిందులని తెలిసింది. అందుకే ఈసారి దిద్దుబాటు రాస్తున్నాను.

దీనికి మన తెలుగు నేల మీద పడ్డ రెండు ఉల్కలు చాలు. ఒకటి రాయి. 1852 జనవరి 23న నెల్లూరు దగ్గర యాతూరులో పడింది. బరువు సుమారు 30 పౌన్లు, అంటే పదమూడున్నర కిలోలు. రెండోది ఇనుము. 1870 జనవరి 23న అప్పటి విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురం దగ్గర నెడగొల్లలో పడింది. బరువు నాలుగున్నర కిలోల పైచిలుకు. చూడటానికి అర లీటరు నీళ్ల సీసాకన్నా కొంచెం పెద్దదిగా ఉంటుందేమో, అంతే. ఇనుము కదా, చిన్నగా ఉన్నా బరువు తూగుతుంది. రెండింటికీ ఒకే తేదీ రావడం కాకతాళీయం, అందులో వెతకాల్సిందేమీ లేదు. పడుతుండగా మనుషులు చూసిన ఉల్కల్లో ఇనుపవి నూటికి అయిదారుకు మించవు. ఆ కొద్దిలో ఒకటి మన పార్వతీపురం వైపు పడింది.

ముందు రాయి సంగతి

యాతూరు రాయిని శాస్త్రవేత్తలు హెచ్-5 అనే తరగతిలో పెట్టారు. ఇలాంటి రాయిని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే బొంబాయి రవ్వ పలుకుల్లా గుండ్రటి గింజలు కనిపిస్తాయి. వాటి పేరు కాండ్రూల్స్. సూర్యుడి చుట్టూ ఇంకా గ్రహాలేవీ లేక, వాయువూ ధూళీ మాత్రమే పళ్లెంలా తిరుగుతున్న రోజుల్లో ధూళి ముద్దలు ఉన్నట్టుండి వేడెక్కి కరిగి, బొట్లుగా మారి, గంటల్లోనే గడ్డకట్టాయి. అవే ఈ గింజలు. తర్వాత అవన్నీ ధూళితో కలిసి ఒక గోళంగా పేరుకున్నాయి. ఆ గోళాన్ని ఉల్కకు తల్లిగోళం అందాం.

ఇక్కడ గమనించాల్సింది ఇనుము. ఈ రాయిలో ఇనుము కూడా ఉంది, కానీ సన్నటి పలుకులుగా రాయంతా చెల్లాచెదురుగా ఉంది. ఒక్కచోటికి చేరలేదు. తల్లిగోళం ఎప్పుడూ పూర్తిగా కరగలేదని చెప్పే సాక్ష్యం అదే. తరగతి పేరులోని హెచ్ అంటే ఇనుము ఎక్కువని, 5 అంటే బాగా వేడెక్కిందని. దాదాపు 700 డిగ్రీల వేడికి గింజల అంచులు కొంచెం మసకబారాయి, అంతే. కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి.

ఇనుము ఎలా విడిపోయింది?

బొమ్మనహళ్ళిలో మా వీధి చివర ఒక వెల్డింగ్ షాపు ఉంది. వెల్డింగ్ అయ్యాక ఆయన చిన్న సుత్తితో అతుకు మీద తడతాడు. పైన నల్లటి పెంకు రాలిపోయి, కింద మెరిసే లోహం బయటపడుతుంది. ఆ పెంకే చిట్టెం. వేడికి అన్నీ కరిగినప్పుడు తేలికైన చిట్టెం పైకి తేలుతుంది, బరువైన లోహం కింద ఉండిపోతుంది. ఒక గోళం మొత్తం కరిగినా ఇదే జరుగుతుంది. ఇనుమూ నికెలూ మధ్యకు దిగిపోతాయి, రాయి చుట్టూ తొడుగులా మిగులుతుంది. మన భూమి లోపల ఉన్న ఏర్పాటు ఇదే. భూమి నడిమి ఇనుమును మనం తవ్వి తీయలేం. ఇలా ఏర్పడ్డ చిన్న గోళాలు మాత్రం ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలిపోయాయి. చాలా ఇనుప ఉల్కలు అలా బయటపడ్డ నడిమి ముక్కలే. నెడగొల్ల ఇనుములో సుమారు 6 శాతం నికెల్ ఉంది.

ఇంతకీ అంత వేడి ఎక్కడిది? ఆనాటి ధూళిలో అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. అది క్షయిస్తూ వేడి పుట్టించేది. దాని అర్ధాయువు సుమారు 7 లక్షల సంవత్సరాలు. అంటే ప్రతి 7 లక్షల ఏళ్లకు ఉన్నదాంట్లో సగమే మిగులుతుంది.

ఇప్పుడు అక్క అడిగిన ప్రశ్నకు లెక్క వేద్దాం. సౌరకుటుంబంలో గడ్డకట్టిన మొట్టమొదటి పలుకులు 456.7 కోట్ల సంవత్సరాల నాటివి. 1969లో మెక్సికోలో పడ్డ అయెందే ఉల్కలో అలాంటి తెల్లటి పలుకులు దొరికాయి. వాటి పుట్టుకను సున్నా అనుకుందాం. 7 లక్షల ఏళ్లకు అల్యూమినియం-26 సగం. 14 లక్షలకు పావు. 21 లక్షలకు పావులో సగం, అంటే రెండణాలంత. మొదటి పదిలక్షల ఏళ్ల లోపు పేరుకున్న గోళానికి పొయ్యిలో కావలసినన్ని కట్టెలు ఉన్నాయి కాబట్టి అది కరిగిపోయింది. 20 లక్షల ఏళ్లు దాటాక పేరుకున్న గోళానికి కట్టెలు చాలలేదు కాబట్టి వెచ్చబడి ఆగిపోయింది. గోళం సైజు కూడా లెక్కలోకి వస్తుంది. మరీ చిన్నదైతే వేడి నిలవకుండా బయటికి పోతుంది. కానీ అసలు తేడా తెచ్చింది కాలమే.

యాతూరు లాంటి రాళ్లలోని కాండ్రూల్స్ చాలావరకు సున్నా తర్వాత 20 లక్షల ఏళ్ల ప్రాంతంలో తయారయ్యాయి. అవి తయారయ్యాకే కదా తల్లిగోళం పేరుకునేది! కాబట్టి చాలా ఇనుప ఉల్కల తల్లిగోళాలే ముందు పుట్టాయి, ఈ రాళ్ల తల్లిగోళాలు తర్వాత పుట్టాయి. రాయి మారకుండా ఉంది కాబట్టి పాతది అనుకున్నాను నేను. నిజానికి ఆలస్యంగా పుట్టింది కాబట్టే మారకుండా మిగిలింది.

నెడగొల్ల గడియారం

ఇనుము ఎప్పుడు విడిపోయిందో ఎలా తెలుస్తుంది? హాఫ్నియం-182 అనే పదార్థం మెల్లగా టంగ్‌స్టన్-182గా మారుతుంది. దీని అర్ధాయువు సుమారు 89 లక్షల ఏళ్లు. గోళం కరిగినప్పుడు హాఫ్నియం రాతిలోనే ఉండిపోతుంది, టంగ్‌స్టన్ ఇనుముతో పాటు వెళుతుంది. తొందరగా విడిపోయిన ఇనుములో టంగ్‌స్టన్-182 తక్కువ ఉంటుంది, ఎందుకంటే అప్పటికి హాఫ్నియం ఎక్కువగా మారలేదు. ఆలస్యంగా విడిపోతే ఎక్కువ ఉంటుంది. ఒక ఇబ్బంది ఉంది. ఉల్క అంతరిక్షంలో తిరిగినంతకాలం కాస్మిక్ కిరణాలు టంగ్‌స్టన్ పాళ్లను మారుస్తాయి, గడియారం తప్పు చూపిస్తుంది. అందుకే అదే ముక్కలో ప్లాటినం ఐసోటోపులను కూడా కొలుస్తారు. కిరణాల దెబ్బ ఎంతో వాటిలో తెలుస్తుంది, ఆ మేరకు లెక్క సరిచేస్తారు.

చాలా ఇనుప ఉల్కల్లో ఈ గడియారం మొదటి కొన్ని లక్షల ఏళ్ల నుంచి 30 లక్షల ఏళ్ల దాకా చూపిస్తుంది. నెడగొల్లలో మాత్రం 70 లక్షల ఏళ్లు దాటాక అని వచ్చింది. అప్పటికి కట్టెలు ఎప్పుడో అయిపోయాయి. అంటే ఈ ఇనుము తనంతట తాను కరగలేదు, మరేదో జరిగింది.

ఏం జరిగిందో 2022లో ఫ్రిడోలిన్ స్పిట్జర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో ఉంది. ఉల్కలన్నీ రెండు కుటుంబాలుగా విడిపోతాయని అంతకుముందే తెలుసు. మాలిబ్డినం, నికెల్ లాంటి లోహాల ఐసోటోపుల పాళ్లు రెండు కుటుంబాల్లో వేరువేరుగా ఉంటాయి. కరిగినా గడ్డకట్టినా ఈ పాళ్లు మారవు, అవి పుట్టుమచ్చల్లాంటివి. ఒక కుటుంబం సూర్యుడికి దగ్గరగా, ఇంకోటి గురుగ్రహానికి ఆవల పుట్టిందనీ, గురుడు పెరుగుతూ మధ్యలో గోడలా నిలబడి రెండు వైపుల ధూళినీ కలవనివ్వలేదనీ శాస్త్రవేత్తల అభిప్రాయం. ఏ ఉల్కను కొలిచినా అటో ఇటో తేలేది.

నెడగొల్ల అటూ కాదు, ఇటూ కాదు. నికెల్, మాలిబ్డినం, రుథీనియం మూడింటిలోనూ మధ్యలో నిలబడింది. అలా నిలబడ్డ మొదటి ఉల్క ఇదే. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడ. చూసినవాళ్లు నా ముక్కు ఒకరిదని, నవ్వు ఇంకొకరిదని అంటుంటారు. నెడగొల్లదీ అదే వరస. దానిలో మాలిబ్డినం, టంగ్‌స్టన్ తక్కువ, అది ఆక్సిజన్ బాగా ఉన్న గోళాల లక్షణం, అవతలి కుటుంబానిది. సిలికాన్, క్రోమియం ఎక్కువ, అది ఆక్సిజన్ తక్కువగా ఉన్న గోళాల లక్షణం, ఇవతలి కుటుంబంలో కొన్నిటిది. రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి.

మొదట్లోనే రెండు వైపుల ధూళి కలిసి ఉండొచ్చు కదా అని నాకు అనుమానం వచ్చింది. దానికి గడియారమే జవాబు. ఈ కలయిక 70 లక్షల ఏళ్ల తర్వాతది. అప్పటికి గోళాలు ఏర్పడి, కరిగి, ఇనుము నడిమికి చేరి చాలా కాలమైంది. కాబట్టి కలిసింది ధూళి కాదు. రెండు కుటుంబాలకు చెందిన రెండు గోళాలు గుద్దుకుని, వాటి నడిమి ఇనుములు కలిసి, ఎక్కువగా ఇవతలి గోళానిదైన కరిగిన రాతితో మళ్లీ కొంత మార్పిడి జరిగింది. తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు నెడగొల్లలో దాదాపు లేకపోవడం కూడా ఆ గుద్దుకోవడంతో సరిపోతుంది. గురుడు పెద్దవాడయ్యాక అవతలి గోళాలను ఇవతలికి విసిరి ఉంటాడని లెక్కలు చెబుతూ వచ్చాయి. అలా వచ్చిన గోళం ఇక్కడి గోళాన్ని గుద్దిందనడానికి ఐసోటోపుల్లో దొరికిన తొలి ఆధారం ఈ ముక్కే.

అయితే ఒక హద్దు ఉంది. కొలిచిన ఐసోటోపులు గట్టి సంగతి. గుద్దుకున్న తీరు మాత్రం వాటికి సరిపోయే వివరణ. ఏ గోళం ఎంత పెద్దది, ఏ కోణంలో తగిలింది అనేవి ఈ ఒక్క ఇనుప ముక్క చెప్పలేదు.

పోయిన నెల కాగితం ఇంకా బోర్డు మీదే ఉంది. తీసేయొద్దని అడిగాను. ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన "యాతూరు తర్వాత, నెడగొల్ల తల్లిగోళాలు ముందు, నెడగొల్ల కలయిక అన్నిటికన్నా చివర" అని రాశాను. ఇందులోనూ తప్పు కనిపిస్తే అక్కలా పిలిచి అడగండి.

— ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని, బొమ్మనహళ్ళి