నచ్చితేనే కొనే షరతుపై పంపిన చీరలు: అమ్మకం ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: మార్చిలో ఒక దుకాణానికి 20 చీరలను, ఒక్కొక్కటి రూ.3,000 చొప్పున, నచ్చనివి ఏప్రిల్ 10లోగా తిప్పి పంపవచ్చన్న షరతుతో పంపి, ఆ రోజే అమ్మకంగా రాశాం. మార్చి 31 నాటికి 12 చీరలకే అంగీకారం వచ్చింది. లెక్క సరైనదేనా?
– ఒక టోకు వస్త్ర వ్యాపారి

జవాబు: సరైనది కాదు. సరుకు కొట్టు దాటినంత మాత్రాన యాజమాన్యం మారదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు అంగీకారం తెలిపినప్పుడో, సరుకును మరొకరికి అమ్మడం వంటి సొంతదారు చేసే పని చేసినప్పుడో, వద్దని చెప్పకుండా గడువు దాటేదాకా తన వద్దే ఉంచుకున్నప్పుడో అది మారుతుంది, అమ్మకం రాయవలసిందీ అప్పుడే.

అందువల్ల మిగిలిన 8 చీరల రూ.24,000ను అమ్మకాల నుంచీ, దుకాణం పేరిట ఉన్న బాకీ నుంచీ తీసివేసి, కొన్న ధర చీరకు రూ.2,400 అనుకుంటే రూ.19,200ను ముగింపు సరుకులో చేర్చాలి. లేకుంటే ఇంకా రాని రూ.4,800 లాభం ఆ ఏడాది లెక్కలో కనిపిస్తుంది. ఏప్రిల్ 10 దాటినా కబురు రాకపోతే ఆ అమ్మకం కొత్త సంవత్సరపు పద్దులోకి వెళుతుంది.

జీఎస్‌టీ నిబంధనల ప్రకారం ఇటువంటి సరుకును డెలివరీ చలానాపై పంపి, అమ్మకం ఖాయమైనప్పుడు గానీ, పంపిన నాటి నుంచి ఆరు నెలలు నిండినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పటికి ఇన్వాయిస్ ఇవ్వాలి. మొత్తం 20 చీరలకూ ఇన్వాయిస్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, రిటర్ను దాఖలు చేయకముందే చార్టర్డ్ అకౌంటెంట్‌కు పత్రాలు చూపించాలి.