రాయి కదల్లేదు నాయనా



ఏలూరు దగ్గర చేలో నువ్వు తీసిన రీడింగులు చూశాను. మూడు ఊళ్లు కలిసే ట్రైజంక్షన్ రాయి నుంచి గట్టు చివరి రాయికి టోటల్ స్టేషన్ 500.00 మీటర్లు చూపించింది. అవే రెండు రాళ్లకు రోవర్ ఇచ్చిన కోఆర్డినేట్లతో లెక్కగడితే 499.80 వచ్చింది. "ఎవరో రాయి జరిపారు బాబాయ్" అని రాశావు. ఆ మాట రైతుల దగ్గర అనకపోవడం మంచిదైంది. గట్టుకు చెరోపక్క అన్నదమ్ములు నిలబడి ఉన్నప్పుడు ఆ ఒక్క మాట కోర్టు దాకా పోతుంది.

ఒక్కసారి ఆలోచించు. రాయి జరిగే ఉంటే రెండు పరికరాలూ జరిగిన చోటునే కొలిచేవి, రెండూ ఒకే దూరం చెప్పేవి. కాబట్టి ఈ ఇరవై సెంటీమీటర్లు రాయివి కావు, లెక్కవి.

టోటల్ స్టేషన్ చెప్పింది నేల మీది దూరం. రోవర్ కోఆర్డినేట్లు యూటీఎం 44వ జోన్‌వి, అంటే పటం మీదివి. గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే జోన్ అంచులకు పోయేకొద్దీ దూరాలు సాగుతాయి. ఆ సాగుడు మితిమీరకుండా జోన్ నడిమి రేఖ దగ్గర దూరాలను ముందే 0.9996 వంతుకు తగ్గించి పెట్టారు. మన జోన్‌కు నడిమి రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఏలూరు పక్క నుంచే పోతుంది. 500ని 0.9996తో గుణించు, నీ 499.80 వచ్చేస్తుంది.

ఈ వంతు అన్నిచోట్లా ఒకటి కాదు. తిరుపతి వైపు పటం దూరం, నేల దూరం దాదాపు కలుస్తాయి. విశాఖలో పటం దూరమే కాస్త ఎక్కువ వస్తుంది. అందుకే ఏలూరు లెక్క పట్టుకుని ఇంకో జిల్లాకు పోకు.

నమ్మకం కుదరకపోతే అదే చేలో ఇంకో రెండు పొడుగాటి గీతలు కొలిచి చూడు. 250 మీటర్లకు పది సెంటీమీటర్లు, 400కు పదహారు తగ్గాలి. యాభై మీటర్ల గీత మీద మాత్రం పరీక్షించకు. అక్కడ తేడా రెండు సెంటీమీటర్లే, రోవర్ సొంత పొరపాటే అంత ఉంటుంది. ఒక్క గీత ఈ వంతుకు లొంగకపోతే మాత్రం అప్పుడు పరికరాన్నీ, రాయి మీద కర్ర నిటారుగా నిలిపావా లేదా అన్నదాన్నీ అనుమానించు.

రాయి నిజంగా కదిలిందో లేదో తేల్చాల్సింది పాత ఎఫ్‌ఎంబీతో. అందులో ఈ దూరం 2486 లింకులు. లింకు 20.1168 సెంటీమీటర్ల చొప్పున 500.10 మీటర్లు. నేల మీది 500.00తో పోలిస్తే తేడా అర లింకు. పొలంలో గొలుసు లాగి, లింకుల్లో రాసుకున్న కొలతకు అది మామూలే. అదే నువ్వు ఎఫ్‌ఎంబీ కొలతను రోవర్ లెక్కతో పోల్చి ఉంటే ముప్పై సెంటీమీటర్లు తరుగు కనిపించి, తమ్ముడి భూమి పోయిందని తేల్చేవాడివి. గొలుసు లాగింది నేల మీద, కాబట్టి దాన్ని నేల దూరంతోనే పోల్చాలి.

ఫీల్డ్‌బుక్‌లో ప్రతి దూరం పక్కన నేలదా, పటందా అని రాయి. స్కేల్ ఫ్యాక్టర్ కూడా రాసిపెట్టు. రేపు వెళ్లి మిగతా రెండు గీతలు కొలిచి అంకెలు పంపు.

మీ బాబాయ్