నేల ఎంత కుంగుతుంది? ఢిల్లీ మట్టిలో దాగిన దృఢత్వం

ఢిల్లీలో యమున ఒండ్రు మీద ఒక పెద్ద భవనం కట్టాలనుకుందాం. ఆ బరువుకు నేల ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో ఇంజినీరు ముందే అంచనా వేయాలి. అదే నేలకు ఒక పద్ధతిలో 36 మిల్లీమీటర్లని, మరో పద్ధతిలో 5 మిల్లీమీటర్లని సమాధానం రావచ్చు. రెండు కొలతలూ తప్పు కావు. మట్టి దృఢత్వం ఒకే సంఖ్య కాకపోవడమే ఈ తేడాకు కారణం.

రేణువులు జారితే మారే గుణకం

ఇసుక రేణువులు ఒకదానికొకటి చిన్న చిన్న బిందువుల వద్ద తాకుతూ ఉంటాయి. వికృతి 0.001 శాతం కంటే తక్కువగా ఉన్నంతవరకు ఆ బిందువులు స్ప్రింగుల్లా కొద్దిగా నొక్కుకుని, బరువు తీస్తే మళ్లీ యథాస్థితికి వస్తాయి. అప్పుడు మట్టి చాలా గట్టిగా ఉంటుంది. వికృతి పెరిగేకొద్దీ రేణువులు ఒకదానిపై ఒకటి జారడం మొదలవుతుంది, దృఢత్వ గుణకం పడిపోతుంది. వికృతి 1 శాతానికి చేరేసరికి తొలి విలువలో పదో వంతో, ఇంకా తక్కువో మిగలవచ్చు.

తొలి విలువను కనుక్కోవడానికి మట్టిని తవ్వనక్కర్లేదు. నేలపై పెట్టిన లోహపు పలకను సుత్తితో కొట్టి, వరుసగా అమర్చిన జియోఫోన్లతో ఉపరితల తరంగాలను నమోదు చేస్తారు. వాటి నుంచి ఒక్కో లోతులో షియర్ తరంగ వేగాన్ని లెక్కిస్తారు. ఢిల్లీలో ఇలాంటి కొలతలు చాలాచోట్ల జరిగాయి. భూకంపం వస్తే ఏ ప్రాంతం ఎంతగా ఊగుతుందో తెలుసుకోవడం వాటి ముఖ్య ఉద్దేశం. కానీ అదే వేగం కుంగుదల లెక్కకూ పనికొస్తుంది.

ఒక లెక్క చూద్దాం

ఉదాహరణకు, తరంగ వేగం సెకనుకు 250 మీటర్లు, మట్టి సాంద్రత ఘనపు మీటరుకు 1,800 కిలోలు అనుకుందాం. సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే తొలి షియర్ గుణకం వస్తుంది:

G₀ = ρV² = 1800 × 250² ≈ 112 MPa

పాయిజాన్ నిష్పత్తి 0.3 అయితే దీనికి సరిపడే యంగ్ గుణకం దాదాపు 290 మెగాపాస్కల్‌లు. ఇక 20 మీటర్ల చదరపు రాఫ్ట్ పునాది చదరపు మీటరుకు 100 కిలోన్యూటన్ల అదనపు భారం మోపుతుంది అనుకుందాం. 290 వాడి స్థితిస్థాపక సూత్రంతో లెక్కిస్తే కుంగుదల 5 మిల్లీమీటర్లు. మామూలు ప్రయోగశాల పరీక్షలోనో, బోరుబావిలో చేసే ఎస్పీటీ సంఖ్య నుంచో వచ్చే గుణకం 40 మెగాపాస్కల్‌లు అయితే కుంగుదల 36 మిల్లీమీటర్లు.

నిజం ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. 5 మిల్లీమీటర్ల కుంగుదలను పునాది కింద 30 మీటర్ల మందానికి పంచితే షియర్ వికృతి 0.02 శాతం దాటుతుంది. అంతలోనే గుణకం మూడో వంతు తగ్గిపోతుంది. తగ్గిన గుణకంతో మళ్లీ లెక్కిస్తే కుంగుదల పెరుగుతుంది, దాంతో వికృతి ఇంకాస్త పెరుగుతుంది. 0.04 శాతం వికృతి వద్ద గుణకం సగమవుతుందనే సాధారణ వక్రరేఖను వాడి ఇలా తిరిగి తిరిగి చేస్తే, లెక్క 11 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడుతుంది. అక్కడ గుణకం దాదాపు 134 మెగాపాస్కల్‌లు.

పాత పరీక్ష ఎక్కడ తడబడింది?

నమూనాను గొట్టంతో బయటికి తీసేటప్పుడే దాని సహజ అమరిక కొంత చెదురుతుంది. పైగా ట్రయాక్సియల్ యంత్రంలో నమూనా పొట్టిదనాన్ని బయటి నుంచి కొలిస్తే, చివర్ల వద్ద ఖాళీలు మూసుకుపోవడం కూడా మట్టి వికృతిగానే లెక్కలోకి వస్తుంది. 1980లలో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు గేజ్‌లను నమూనాకే అతికించి కొలిచినప్పుడు, మట్టి అప్పటిదాకా అనుకున్నదానికంటే ఎంతో గట్టిదని తేలింది.

సొరంగం తవ్వితే

2017లో ప్రారంభమైన ఢిల్లీ మెట్రో హెరిటేజ్ లైన్ జామా మసీదు, ఎర్రకోట పరిసరాల కిందుగా సాగుతుంది. ఇలాంటి చోట మొత్తం కుంగుదల కంటే, పక్కపక్క బిందువుల మధ్య తేడా గోడలకు ఎక్కువ ప్రమాదం. గుణకం మారదనుకునే నమూనా సొరంగంపై కుంగుదల గుంటను వెడల్పుగా, లోతు తక్కువగా చూపిస్తుంది. నిజానికి సొరంగానికి దగ్గరి మట్టి మెత్తబడుతుంది, దూరపు మట్టి గట్టిగానే ఉంటుంది. కాబట్టి గుంట ఇరుకుగా, వాలు ఎక్కువగా ఏర్పడుతుంది. స్థిర గుణకాన్ని నమ్మితే గోడకు వచ్చే ముప్పు తక్కువగా కనిపిస్తుంది.

ఈ లెక్కకు ఉన్న హద్దు

తరంగ వేగం ఇచ్చేది ఆ రోజు, ఆ తేమలో ఉన్న మట్టి దృఢత్వం మాత్రమే. వదులుగా పోసిన పూడిక మట్టి తడిస్తే ఒక్కసారిగా కూలవచ్చు. బంకమట్టి ఏళ్ల తరబడి నీటిని వదులుతూ కుంగుతుంది. ఈ రెండూ పై వక్రరేఖలో లేవు. అందుకే నిర్మాణ సమయంలో గుర్తులు పెట్టి కుంగుదలను కొలుస్తారు. భారం సగం పడేసరికే కొలత అంచనాను దాటిపోతే, ఎంచుకున్న వక్రరేఖనో, మట్టి పొరల గురించిన ఊహనో మళ్లీ పరిశీలించాల్సిందే.