ఫిట్‌నెస్ సర్టిఫికెట్: సంతకానికి పైన ఏం రాసుందో చూడండి

రేపు జిల్లా స్థాయి కబడ్డీ ఎంపికలనగా ఈ సాయంత్రం ఫారం పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తే తల్లిదండ్రులు చాలామంది. ఒక్కోసారి పిల్లవాడు వెంట కూడా ఉండడు. అలా తెచ్చిన కాగితంతో పోటీలోకి రానిస్తారేమో గానీ, పిల్లవాడి ఒంటి గురించి అది ఏమీ చెప్పదు. కనీసం రెండు వారాల ముందు, పిల్లవాణ్ణి తీసుకుని వెళ్లండి. ఏదైనా పరీక్ష అవసరమైతే దానికి వ్యవధి ఉండాలి.

14 ఏళ్ల అబ్బాయి ఉన్నాడనుకుందాం. రైడ్‌కి వెళ్తే కూత మధ్యలో తెగిపోతోంది. దమ్ము చాలడం లేదు, ఇంకా ప్రాక్టీస్ చేయాలి అంటాడు నాన్న. ఆట ఆగిన ఐదు పది నిమిషాలకి దగ్గు ఎక్కువవుతుందనీ, చలికాలం రాత్రుళ్లు కూడా దగ్గుతాడనీ అమ్మకు తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. కుర్చీలో కూర్చోబెట్టి స్టెతస్కోప్ పెడితే ఆ అబ్బాయి ఊపిరితిత్తులు శుభ్రంగానే వినిపిస్తాయి. అమ్మ ఆ మాట చెబితేనే డాక్టరు ఊదే పరీక్ష చేయిస్తారు: ముందొకసారి ఊదించి, ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు గట్టిగా పరిగెత్తించి, కాసేపాగి ఒకటికి రెండుసార్లు మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 10 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గితే అది శ్రమతో వచ్చే ఆస్తమా. దమ్ము లేకపోవడం కాదు. మందుతో అదుపులో ఉంటుంది, కబడ్డీ మానాల్సిన పనిలేదు.

ఇప్పుడు అతనికిచ్చే సర్టిఫికెట్‌లో ‘ఫిట్’ అన్న ఒక్క మాట సరిపోదు. ‘కబడ్డీ శిక్షణకూ పోటీలకూ షరతులతో అర్హుడు. ఆటకు 15 నిమిషాల ముందు ఇన్‌హేలర్ వాడాలి, అది గ్రౌండ్‌లో అందుబాటులో ఉండాలి. ఆయాసం వస్తే వెంటనే ఆట ఆపాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష’ అని ఉండాలి. అలా రాయకపోతే రాయమని మర్యాదగా అడగండి. షరతు కనిపిస్తే జట్టులోంచి తీసేస్తారని భయపడి దాన్ని దాచకండి. ఆయాసం వచ్చినప్పుడు పక్కనుండేది పీఈటీ సారే. ఇన్‌హేలర్ ఏ జేబులో ఉందో ఆయనకు తెలిసి ఉండాలి.

ఏ ఆటకు రాశారో కూడా చూడండి. మూర్ఛ ఉన్న పిల్లవాడు, మందులతో అదుపులో ఉంటే, కబడ్డీ ఆడొచ్చు. అదే పిల్లవాణ్ణి ఒంటరిగా ఈతకు పంపకూడదు. కబడ్డీకి తెచ్చిన కాగితం ఈతకు చెల్లదు. వయసు రుజువుగానూ అది పనికిరాదు.

డాక్టరు ఎంత శ్రద్ధగా చూసినా ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. గుండె కండరం మందంగా పెరిగే జబ్బు కొందరు పిల్లల్లో స్టెతస్కోప్‌కు దొరకదు. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీ తప్పనిసరి. మన దగ్గర మామూలుగా ఫారం నింపేటప్పుడు ఈసీజీ తీయరు. అందుకే రెండు సంగతులు అడక్కపోయినా మీరే చెప్పండి. పరిగెడుతుండగా పిల్లవాడు ఎప్పుడైనా స్పృహ తప్పాడా, ఛాతీ నొప్పి అన్నాడా? రక్తసంబంధీకుల్లో ఎవరైనా యాభై ఏళ్లలోపు హఠాత్తుగా పోయారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, ఈసీజీ, ఎకో చూశాకే సంతకం కావాలి. పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందని చిన్నవయసు చావులను దాచే ఇళ్లున్నాయి. డాక్టరు గదిలో ఆ దాపరికం వద్దు.

ఇక గడువు. ఏ జబ్బూ లేని పిల్లలకు ఏడాదికోసారి చూపిస్తే సాధారణంగా సరిపోతుంది. నిర్వాహకులు ఇంకా తాజాది అడిగితే వాళ్ల నిబంధనే చెల్లుతుంది. కానీ కాగితం మీద ఎంత గడువున్నా కొన్ని సంఘటనలు దాన్ని ఆ రోజే రద్దు చేస్తాయి. డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు కబడ్డీలో తగిలే దెబ్బలకు లోపల రక్తస్రావం కావచ్చు. వైరల్ జ్వరం తర్వాత గుండె దడ, ఆయాసం ఉంటే గుండె కండరం వాచి ఉండొచ్చు. తలకు దెబ్బ తగిలి మత్తుగానో అయోమయంగానో ఉంటే ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. ఈ మూడింటిలో ఏది జరిగినా, కొత్తగా పరీక్ష చేయించాకే గ్రౌండ్‌కి పంపండి.

తీసుకునేటప్పుడు పరీక్ష చేసిన తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, పిల్లవాడి పుట్టుమచ్చ వంటి గుర్తింపు చిహ్నం ఉన్నాయో లేదో చూసుకోండి. గుర్తింపు చిహ్నం రాయడం, సర్టిఫికెట్ నకలు తన దగ్గర ఉంచుకోవడం 2002 వైద్య నియమావళి ప్రకారం డాక్టరు బాధ్యత. మీరూ ఒక నకలు ఉంచుకుని, ఇంకొకటి పీఈటీ సారు చేతికివ్వండి. షరతుల్ని ఆయనకు చదివి వినిపించండి.