షాపు బోర్డుకు ఏ అరబిక్? కస్టమర్ కామెంటుకు ఏ అరబిక్?

కువైట్‌లోనో దుబాయ్‌లోనో చిన్న టైలరింగ్ షాపు, సెలూన్, కర్రీ పాయింట్ నడుపుకునే తెలుగువాళ్లకు అరబిక్‌తో రెండు పనులు పడతాయి. అద్దం మీద అంటించే నోటీసును అరబిక్‌లో రాయించుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో కస్టమర్ పెట్టిన కామెంటును స్క్రీన్‌షాట్ తీసి, అరబిక్ వచ్చినవాళ్లకు పంపి అర్థం కనుక్కోవాలి. లిపి ఒకటే కాబట్టి రెండింట్లోనూ ఉన్నది ఒకే అరబిక్ అనుకుంటాం. అక్కడే అనువాదం దారి తప్పుతుంది.

రాతకు వాడే అరబిక్‌ను ఫుస్‌హా అంటారు. పిల్లలు దాన్ని బడిలో నేర్చుకుంటారు. పత్రికలు, టీవీ వార్తలు, కోర్టు కాగితాలు అన్నీ అందులోనే. ఇంట్లో అమ్మతో మాత్రం ఎవరూ ఆ భాష మాట్లాడరు. ఇంటి భాష ప్రాంతాన్ని బట్టి మారుతుంది. గల్ఫ్‌లో ఖలీజీ, ఈజిప్టులో మస్రీ, సిరియా, లెబనాన్ వైపు షామీ, మొరాకోలో దారిజా. మన గ్రాంథికం, వ్యావహారికం లాంటిదే ఈ తేడా కూడా. కాకపోతే గిడుగు రామమూర్తి గారి పోరాటం తర్వాత మన పత్రికలు, పుస్తకాలు వాడుక భాషకు మారాయి. అరబ్ దేశాల్లో పత్రిక ఇప్పటికీ ఫుస్‌హాలోనే వస్తుంది. ఫోన్లో టైపు చేసేది మాత్రం వాడుక భాషలోనే.

ఆ దూరం ఎంతో ఒక్క మాటతో తెలుస్తుంది. ‘ఇప్పుడు’ అనడానికి ఫుస్‌హాలో ‘అల్ ఆన్’ అంటారు. కువైటీ ‘అల్ హీన్’ అంటాడు, ఈజిప్టువాడు ‘దిల్వఅతి’ అంటాడు, సిరియావాడు ‘హల్లఅ’ అంటాడు, మొరాకోవాడు ‘దాబా’ అంటాడు.

కువైట్‌లోని ఫర్వానియాలో ఆడవాళ్ల బట్టలు కుట్టే ఒక తెలుగు టైలర్ షాపు ఉందనుకుందాం. ముందు నోటీసు పని చూద్దాం, తర్వాత కామెంటు.

మొదట వేసుకోవాల్సిన ప్రశ్న: దీన్ని చదివేది ఎవరు? షాపు ముందు కువైటీలతో పాటు ఈజిప్టువాళ్లు, సిరియావాళ్లు, లెబనాన్‌వాళ్లు కూడా వెళ్తుంటారు. వాళ్లందరికీ చదవడం వచ్చిన భాష ఫుస్‌హా ఒక్కటే. పైగా బోర్డు మీద మాట్లాడేది మనిషి కాదు, షాపు. అందుకని షరతులు, వేళలు, ధరలు, హెచ్చరికలు ఏవైనా ఫుస్‌హాలోనే పెట్టండి. దీనికి నా దృష్టిలో మినహాయింపు లేదు.

టైలర్ రాయించాలనుకున్న నోటీసు: ‘బట్టలు 30 రోజుల్లో తీసుకెళ్లకపోతే షాపుకు బాధ్యత లేదు.’ దీన్ని మాటకు మాట మార్చే పని పెట్టుకోవద్దు. అరబ్ షాపుల్లో ఇలాంటి షరతుకు అలవాటుగా వాడే వాక్యం ఒకటి ఉంది:

المحل غير مسؤول عن الملابس بعد 30 يوماً

‘అల్ మహల్ ఘైర్ మస్ఊల్ అనిల్ మలాబిస్ బఅద 30 యౌమన్.’ 30 రోజుల తర్వాత బట్టలకు షాపు బాధ్యత వహించదు అని దాని అర్థం. ఇదే సంగతిని కువైటీ వాడుకలో ‘ఇహ్నా మూ మస్ఊలీన్’ అని మొదలుపెట్టి రాస్తే అర్థం తెలుస్తుంది గానీ, పక్కింటావిడతో చెప్పిన కబురులా ఉంటుంది తప్ప షరతులా ఉండదు. రేపు గొడవొస్తే ఆ కాగితానికి బరువుండదు.

ఫుస్‌హా బోర్డుకు ఇంకో సౌకర్యం ఉంది. అరబిక్‌లో ఎవరికైనా ఒక పని చెప్పాలంటే, వింటున్నది మగవాడా, ఆడదా, చాలామందా అన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. వాడుకలో ‘తలుపు వెయ్యి’ అనాలంటే మగవాడితో ‘సక్కిర్’, ఆడమనిషితో ‘సక్కిరీ’, నలుగురితో ‘సక్కిరూ’ అనాలి. బోర్డు ఎవరిని చూసి మాట్లాడాలి? అందుకే ఫుస్‌హా బోర్డులు క్రియను పక్కనపెట్టి పని పేరును వాడతాయి: الرجاء إغلاق الباب. ‘అర్రజా ఇఘ్లాఖ్ అల్ బాబ్’, అంటే తలుపు వేయవలసిందిగా మనవి. ‘అర్రజా’ తర్వాత పని పేరు పెడితే చాలు, మగా ఆడా అన్న చిక్కు ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క అచ్చును పట్టుకుంటే సగం బోర్డులు రాయగలరు.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఏళ్ల తరబడి గల్ఫ్‌లో ఉన్నవాళ్ల నోట ఒక అరబిక్ నలుగుతుంటుంది. ‘మాఫీ ముష్కిలా’, ‘ఖల్లాస్’, ‘అనా రోహ్’. అది ఫుస్‌హా కాదు, కువైటీలు తమలో తాము మాట్లాడుకునేది కూడా కాదు. వేరు వేరు దేశాల పనివాళ్లకూ యజమానులకూ మధ్య పని జరగడానికి పుట్టిన మూడో రకం. పనిలో అది బాగా పనికొస్తుంది, నేను దాన్ని తక్కువ చేయను. కానీ దాన్ని బోర్డు మీదికి ఎక్కించకండి. ‘సరుకు లేదు’ అనడానికి మనవాళ్లు ‘మాఫీ’ అంటారు, కువైటీ ‘మాకూ’ అంటాడు, బోర్డు మీద మాత్రం ‘ఘైర్ ముతవఫ్ఫిర్’, అంటే غير متوفر అని ఉండాలి.

ప్రింటుకు ఇచ్చేముందు అక్షరాలను చూడండి. అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పదంలో చాలా అక్షరాలు పక్క అక్షరంతో కలిసిపోతాయి. డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో అరబిక్ సరిగ్గా పడకపోతే అక్షరాలన్నీ విడివిడిగా, తిరగబడిన వరుసలో వస్తాయి. ఫోన్లో మీరు పంపిన వాక్యాన్ని, ప్రూఫును పక్కపక్కన పెట్టి ఆకారం పోల్చితే చాలు. అరబిక్ చదవడం రాకపోయినా ఈ తప్పు కంటికి కనబడుతుంది.

ఇక కామెంటు. టైలర్ తను కుట్టిన ఒక దర్రాఆ ఫొటో పెట్టాడు. దర్రాఆ అంటే కువైటీ ఆడవాళ్లు వేసుకునే పొడుగాటి వదులు గౌను. దాని కింద ఒకామె ఇలా రాసింది:

أبي نفسه بس مو هاللون، متى يخلص؟

దీన్ని ఫుస్‌హా అనుకుని చదివితే మొదటి రెండు మాటలకు ‘మా నాన్నే స్వయంగా’ అని అర్థం వస్తుంది. ఫుస్‌హాలో ‘అబీ’ అంటే నా తండ్రి, ‘నఫ్సుహు’ అంటే తనే స్వయంగా. ఎవరో నాన్నగారు షాపుకొస్తున్నారని టైలర్ కంగారుపడొచ్చు. ఆవిడ రాసింది ఖలీజీ. అందులో ‘అబీ’ అంటే నాకు కావాలి, ‘నఫ్స’ అంటే ఇలాంటిదే. అక్షరాల్లో పిసరంత తేడా లేదు, భాష ఏదన్నదాన్ని బట్టి మొత్తం అర్థం మారిపోయింది.

మరి ఇది ఖలీజీ అని ఎలా పోల్చుకోవాలి? పెద్ద మాటలను వదిలేసి చిన్న మాటలను చూడండి. రంగు, బట్ట, ధర లాంటి నామవాచకాలు ఫుస్‌హాలోనూ వాడుకలోనూ తరచు ఒకేలా ఉంటాయి. కావాలి, కాదు, ఏమిటి, ఇప్పుడు, ఈ అనే మాటలు మాత్రం రాసినవాళ్ల ఊరు చెప్పేస్తాయి. ఈ కామెంటులో ‘మూ’ (مو) అంటే కాదు. ఫుస్‌హాలో అయితే ‘లైస’ ఉండేది. ‘హల్లౌన్’ అంటే ఈ రంగు. ‘ఈ’ అనే మాట ‘హ’గా కుదించుకుపోయి రంగుకు అతుక్కుంది. ఫుస్‌హాలో అది ‘హాజా’ అని విడిగా నిలబడుతుంది. ‘బస్’ హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన మాటే, ఇక్కడ ‘కానీ’ అన్న అర్థంలో వచ్చింది. ఇన్ని గుర్తులు ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి వాడుక భాష అనడంలో సందేహం లేదు. మొదటి మాట ‘అబీ’, దానికి తోడు ‘మూ’ ఉన్నాయి కాబట్టి గల్ఫ్ మనిషి. ఈజిప్టావిడ అయితే ‘ఆయ్‌జా’ అనేది, లెబనాన్ ఆవిడ ‘బద్ది’ అనేది.

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి, కనీసం రెండు దొరకాలి. ‘ఏమిటి’ అనే ‘షినూ’ కువైట్‌లో ఉంది, ఇరాక్‌లో ఉంది, మొరాకోలోనూ ఉంది. ‘ఆఫియా’ అన్న మాట గల్ఫ్‌లో ఆరోగ్యం, సత్తువ. పనిచేసేవాళ్లను చూసి ‘యఅతీక్ అల్ ఆఫియా’ అంటారు, దేవుడు నీకు ఓపికనివ్వాలని దీవిస్తూ కృతజ్ఞత చెప్పడం అన్నమాట. అదే ‘ఆఫియా’ మొరాకోలో నిప్పు.

కొందరు అరబిక్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. రోమన్ లిపిలో లేని ధ్వనులకు అంకెలు వాడతారు. al7een అని కనిపిస్తే అది గల్ఫ్ వాళ్ల ‘ఇప్పుడు’, dilwa2ti అయితే ఈజిప్టు వాళ్ల ‘ఇప్పుడు’. అంకెలతో ఇలా రాసింది దాదాపు ఎప్పుడూ వాడుక భాషే. ఫుస్‌హాను అలా రాయడం చాలా అరుదు.

దీనికి తిరగబడే సంగతి ఒకటుంది. ఫొటో కింద ‘మాషా అల్లాహ్’, ‘తబారకర్రహ్మాన్’ అని ఉంటే అవి ఫుస్‌హా మాటలే. అంతమాత్రాన రాసినావిడ గంభీరంగా మాట్లాడుతోందని కాదు. అవి నోటికి అలవాటైన దీవెనలు. మెచ్చుకుంటూనే దిష్టి తగలకూడదని అనే మాటలవి. వాటిని పక్కన పెట్టి మిగిలిన వాక్యాన్ని చూసి భాష తేల్చండి.

తెలుగులోకి మార్చేటప్పుడు వాడుకకు వాడుకే రావాలి. మన కామెంటు: ‘నాకు ఇలాంటిదే కావాలి, కానీ ఈ రంగు వద్దు. ఎప్పటికి అవుతుంది?’ దీన్ని ‘ఈ వర్ణము కాక అన్యవర్ణము కోరుచున్నాను’ అని మార్చితే ఆవిడ గొంతు పోతుంది, తొందరలో ఉందన్న సంగతి కూడా పోతుంది.

జవాబు అరబిక్‌లో ఇవ్వాలంటే కువైటీని అనుకరించబోవద్దు. యాస సగం కుదిరి సగం కుదరకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది. అరబ్బులు ‘అల్లహ్జా అల్ బైదా’, తెల్ల యాస, అని ఒకదాన్ని చెబుతారు. ఏ ఊరిదీ అనిపించని, అందరికీ అందే తేలిక వాడుక అది. షాపు జవాబులకు అదే సరిపోతుంది:

حياكم الله، متوفر بألوان ثانية، والتسليم خلال أسبوع

‘హయ్యాకుమల్లాహ్, వేరే రంగుల్లో ఉంది, వారంలో ఇస్తాం.’ దాదాపు అన్నీ ఫుస్‌హా మాటలే. వేరే అనడానికి మాత్రం ఫుస్‌హాలో ఉండే ‘ఉఖ్రా’ బదులు వాడుకలోని ‘సానియా’ వచ్చింది. పలకరింపు గల్ఫ్ అలవాటు. ఆ రెండింటితో జవాబులో బోర్డు బిగువు తగ్గి మనిషి మాట వచ్చింది.

బెదిరింపు, డబ్బు గొడవ, జీతం తగాదా ఉన్న స్క్రీన్‌షాట్ల విషయంలో ఈ పద్ధతి మీకు విషయం అర్థమయ్యేవరకే. కాగితాల్లో పెట్టాల్సి వస్తే అసలు చాట్‌ను చెరపకుండా ఉంచి, అధీకృత అనువాదకుడికి ఇవ్వండి. ఏ దేశపు వాడుకో మీకు తెలిసినంతవరకు ఆయనకు చెప్పండి. ఈజిప్టు వాడుకలో ఆరితేరిన మనిషికి మొరాకో చాట్ అందకపోవచ్చు.

బోర్డయినా జవాబయినా బయటికి వెళ్లేముందు తెలిసిన అరబ్బుకు ఒకసారి చూపించండి. ‘ఇది కరెక్టేనా?’ అని అడిగితే మర్యాదకు అవునంటారు. ‘ఇందులో ఏం రాసుంది?’ అని అడగండి. ఆయన చెప్పింది మీరు రాయాలనుకున్నదానితో కలవకపోతే, ఏ మాట దగ్గర తేడా వచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.