స్క్రీన్‌షాట్‌లో టైమ్ చూసి లీకని నమ్మకండి

పరీక్షకు ముందురోజు సాయంత్రానికి టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావుడి. ‘రేపటి పేపర్ వచ్చేసింది’, ‘వంద శాతం మ్యాచ్’, ‘ప్రైవేట్ గ్రూపులో కొద్దిమందికే చోటు’ అంటూ వరసగా మెసేజ్‌లు. వాటి కింద పేపర్ కొని ర్యాంకు తెచ్చుకున్నామని ఎవరో చెప్పినట్టున్న చాటింగ్, చివర్లో ఒక క్యూఆర్ కోడ్. ఏడాదంతా బుద్ధిగా చదివిన వాళ్లకు కూడా అవి చూశాక మనసు కుదురుగా ఉండదు. అందరికీ దొరికి నాకొక్కడికే దొరకలేదేమో అనే భయం పట్టుకుంటుంది. ఈ మెసేజ్‌లను నమ్మించేది ప్రధానంగా ఒక్కటే. పరీక్ష అయ్యాక ఆ గ్రూపులో చూస్తే అసలు పేపరే కనిపిస్తుంది, దాని మీద తేదీ మాత్రం ముందురోజుది ఉంటుంది. ‘నిజంగానే లీకైంది, మనమే నమ్మలేదు’ అని తర్వాతి పరీక్షకు ఆ గ్రూపులో చేరేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఆ తేదీ ఎలా తయారవుతుందో తెలిస్తే సగం భ్రమ అక్కడే తొలగిపోతుంది.

ఇందుకు 2024 యూజీసీ నెట్‌ను మించిన ఉదాహరణ లేదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, ఆ ఏడాది నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా పనికొచ్చే ఆ పరీక్షను జూన్ 18న ఓఎంఆర్ పద్ధతిలో, ఒకే రోజు రెండు షిఫ్టుల్లో పెట్టారు. 9 లక్షల మందికి పైగా రాశారు. మర్నాడు రాత్రే కేంద్ర విద్యాశాఖ పరీక్షను రద్దు చేసింది. పరీక్ష పవిత్రత దెబ్బతిన్నట్టు కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం నుంచి సమాచారం అందిందని ప్రకటించింది. ఇంటర్నెట్‌లో కనిపించిన పేపర్ అసలు పేపర్‌తో సరిపోలిందని విద్యాశాఖ మంత్రి కూడా చెప్పారు. కేసు సీబీఐకి వెళ్లింది.

సీబీఐ దర్యాప్తులో తేలింది వేరు. టెలిగ్రామ్‌లో తిరిగిన ఆ స్క్రీన్‌షాట్‌లోని పేపర్ నిజమైనదే. కానీ అది బయటికి వచ్చింది పరీక్షకు ముందు కాదు, మొదటి షిఫ్టు అయిపోయాక, మధ్యాహ్నం. ఒక స్కూలు విద్యార్థి దాని మీది సమయాన్ని మార్చి, ముందే లీకైనట్టు కనిపించేలా చేశాడు. 2025 జనవరిలో సీబీఐ ఈ కేసును మూసేయవచ్చంటూ కోర్టుకు నివేదిక ఇచ్చింది. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. 9 లక్షల మంది మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 4 దాకా పరీక్షను మళ్లీ పెట్టారు. అదీ ఓఎంఆర్ మీద కాకుండా కంప్యూటర్ మీద. ఫలితాలు అక్టోబర్‌లో గానీ రాలేదు. జూన్‌లో బాగా రాశామనుకున్న వాళ్లు తమ తప్పేమీ లేకుండా నాలుగు నెలలు వేచి చూశారు. పీహెచ్‌డీలో చేరాలనుకున్న వాళ్లకు ప్రవేశాలు ఆలస్యమయ్యాయి.

ఇందులో గమనించాల్సిన అసలు విషయం ఒకటుంది. ‘పేపర్ సరిపోలింది’ అంటే ‘పేపర్ ముందే బయటికొచ్చింది’ అని కాదు. హాల్లోంచి బయటికి వచ్చిన ప్రశ్నపత్రాన్ని ఎవరైనా ఫొటో తీయొచ్చు. అది అసలు పేపర్ కాబట్టి సరిపోలకుండా ఎలా ఉంటుంది? మార్చాల్సింది టైమ్ ఒక్కటే. అది చాలా తేలిక. ఫొటోలు దిద్దే ఏ యాప్‌తోనైనా స్క్రీన్‌షాట్‌లోని అంకెలు మార్చేయొచ్చు. టెలిగ్రామ్ ఛానెల్‌లో అయితే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. అడ్మిన్ ముందురోజు సాయంత్రం ఏదో ఒక ఫొటో, మసకమసకగా ఉన్నదైనా సరే, పోస్టు చేసి ఉంచుతాడు. పరీక్ష అయ్యాక అదే పోస్టును ఎడిట్ చేసి పాత ఫొటో తీసేసి అసలు పేపర్ పెడతాడు. పోస్టు కింద మొదట పెట్టిన తేదీ, సమయమే ఉండిపోతాయి. ఎడిట్ చేసినట్టు చిన్న అక్షరాల్లో గుర్తు కనిపించినా, స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు దాన్ని కత్తిరించేస్తారు. వాట్సాప్‌లో పంపిన ఫొటోను ఇలా మార్చే వీల్లేదు. అందుకే ఇలాంటివి వాట్సాప్ గ్రూపుల్లోకి టెలిగ్రామ్ నుంచి తీసిన స్క్రీన్‌షాట్లుగా వస్తుంటాయి. 2024 నీట్ విషయంలోనూ మే 4నే పేపర్ బయటికొచ్చిందంటూ ఒక టెలిగ్రామ్ వీడియో తిరిగింది. అందులోని సమయాన్ని మార్చారని, అది నకిలీదని జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పేర్కొంది.

అలాగని పేపర్లు ఎప్పుడూ లీక్ కావని చెప్పడం అబద్ధమవుతుంది. అయ్యాయి. కానీ నిజంగా లీకైనప్పుడు ఏం జరిగిందో చూస్తే, అది మన గ్రూపులోకి రాదని ఇంకా బాగా అర్థమవుతుంది. 2016లో తెలంగాణ ఎంసెట్-2 మెడికల్ పేపర్ ప్రింటింగ్ ప్రెస్ దగ్గరే బయటికి పొక్కింది. ఆ ముఠా దాన్ని ఏ గ్రూపులోనూ పెట్టలేదు. తల్లిదండ్రులతో లక్షల్లో బేరం కుదుర్చుకుని, పిల్లలను వేరే రాష్ట్రాల్లోని నగరాలకు తీసుకెళ్లి, శిబిరాల్లో కూర్చోబెట్టి ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించింది. సీఐడీ దర్యాప్తులో ఇదంతా తేలాక పరీక్ష రద్దయింది. సెప్టెంబర్ 11న ఎంసెట్-3 పెట్టారు. 2024 నీట్‌లో హజారీబాగ్ సెంటర్ నుంచి పేపర్ బయటికొచ్చిన తీరూ ఇంతే. మే 5న పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు. సీబీఐ ప్రకారం ట్రంకు పెట్టెలోంచి పేపర్ తీసి ఫొటోలు కొట్టింది ఆ రోజు ఉదయమే. జవాబులు రాయించి, పట్నాలో ముందే డబ్బు మాట్లాడుకున్న అభ్యర్థులకు చదివించి, ఆ కాగితాలను కాల్చేశారు. అంటే పరీక్ష ముందురోజు రాత్రి ‘నీట్ పేపర్ ఇస్తాం’ అని గ్రూపుల్లో డబ్బులు అడిగిన వాళ్ల దగ్గర ఏముంది? ఆ సమయానికి పేపర్ ఆ ముఠా చేతికే రాలేదు.

లక్షలు పెట్టి కొన్నవాడు దాన్ని రహస్యంగానే ఉంచుకుంటాడు. పదిమందికి తెలిస్తే వాడి ర్యాంకూ పోతుంది, పరీక్షా రద్దవుతుంది. అలాంటి సరుకును ముక్కూమొహం తెలియని వేలమంది ఉన్న గ్రూపులో వెయ్యి రూపాయలకు ఎవరూ అమ్మరు. ధర తక్కువగా ఉందంటేనే అది పేపర్ కాదని అర్థం.

పదో తరగతి పరీక్షలప్పుడు వచ్చే ఫొటోల సంగతి కాస్త వేరు. 2023 ఏప్రిల్‌లో తాండూరు నుంచి తెలుగు పేపర్, మర్నాడు హనుమకొండ జిల్లా కమలాపూర్ నుంచి హిందీ పేపర్ వాట్సాప్‌లోకి వచ్చాయి. రెండూ అసలువే. కానీ రెండూ పరీక్ష మొదలయ్యాక తీసిన ఫొటోలు. పిల్లలు అప్పటికే హాల్లో కూర్చుని రాస్తున్నారు, వాళ్ల చేతుల్లో ఫోన్లు లేవు. ఆ ఫొటోల వల్ల నష్టపోయిన విద్యార్థి మాత్రం ఉన్నాడు. కమలాపూర్‌లో ఎవరి పేపర్‌ను బయటి వ్యక్తి ఫొటో తీశాడో ఆ విద్యార్థిని డిబార్ చేశారు. హైకోర్టు జోక్యం చేసుకున్నాకే అతను మిగతా పరీక్షలు రాయగలిగాడు.

ఇక గ్రూపులో డబ్బు కట్టినవాళ్ల సంగతి. మొదట కొద్ది మొత్తం అడుగుతారు. కట్టగానే నమ్మకం కోసమంటూ నాలుగైదు ప్రశ్నలు పంపుతారు. అవి ఏ మోడల్ పేపర్‌లోంచో, పాత ఏడాది పేపర్‌లోంచో తీసినవి. మిగతా పేపర్ రాత్రి రెండింటికి వస్తుందంటారు. ఆ సమయానికి ‘ఫుల్ పేమెంట్’ అంటూ ఇంకొంత అడుగుతారు. తెల్లవారేసరికి నంబర్ బ్లాక్, గ్రూపు మాయం. మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేయరు, ఎందుకంటే పేపర్ కొనబోయానని తామే ఒప్పుకోవాలి. మోసగాళ్ల ధైర్యమంతా ఈ మౌనమే. కొందరు రిజిస్ట్రేషన్ నంబర్, పుట్టిన తేదీ కూడా అడుగుతారు. అవి ఇస్తే మీ అప్లికేషన్ తాళాలు వాళ్ల చేతికి వెళ్లినట్టే.

డబ్బు కంటే ఎక్కువ నష్టం మార్కుల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కేయరు. నీట్‌నే తీసుకుందాం. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. రాత్రి రెండు గంటల దాకా మేలుకుని ‘లీకైన’ పేపర్‌లోని జవాబులు బట్టీ పట్టిన విద్యార్థికి హాల్లో అలాంటివే అనిపించే ప్రశ్నలు ఓ ఐదు ఎదురయ్యాయనుకోండి. ఒక సంఖ్యో, ‘కానిది’ అన్న మాటో మారి ఉంటుంది. మామూలుగా అయితే చదివి, లెక్క చేసి సరిగ్గా పెట్టేవాడే. ఈసారి రాత్రి చూసిన జవాబే గుర్తొచ్చి దాన్నే పెట్టేస్తాడు. ఒక్కో ప్రశ్నకు రావాల్సిన 4 పోయి, 1 కోత పడి, మొత్తం 25 మార్కులు తగ్గుతాయి. నిద్ర లేక చేసే పొరపాట్లు దీనికి అదనం. ఇది దొంగ పేపర్ చూసినవాళ్ల లెక్క. చూడకుండా ‘నిజమేమో’ అని గ్రూపులు తిరగేసినవాళ్లకు కూడా ఆఖరి రాత్రి పునశ్చరణ పోతుంది. జీవశాస్త్రంలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మరోసారి తిరగేయడానికి సరిపోయే సమయం అది.

ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రాసేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఇవి కంప్యూటర్ మీద, కొన్ని రోజులపాటు, వేర్వేరు షిఫ్టుల్లో జరుగుతాయి. షిఫ్టుకో పేపర్. కాబట్టి తేదీ, షిఫ్టు చెప్పకుండా ‘ఈఏపీసెట్ పేపర్’ అనే మాటకే అర్థం లేదు. నిన్నటి షిఫ్టు రాసినవాళ్లు గుర్తుతెచ్చుకుని రాసిన ప్రశ్నలనే ‘రేపటి పేపర్’ అని అమ్మేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

2025 నీట్‌కు ముందు ఎన్‌టీఏ ఇలాంటి వాటిపై ఫిర్యాదు చేయడానికి ప్రత్యేక పోర్టల్ తెరిస్తే 1,500కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 106 టెలిగ్రామ్, 16 ఇన్‌స్టాగ్రామ్ ఛానెళ్లను గుర్తించి చర్యలకు పంపారు. మీకు అలాంటి మెసేజ్ వస్తే ఛానెల్ పేరు, లింకు, క్యూఆర్ కోడ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, పరీక్ష నిర్వహించే సంస్థకు పంపండి. దాన్ని ‘నిజమేనా’ అని అడుగుతూ మరో గ్రూపులో మాత్రం పెట్టకండి. మీరు అడగడానికే పెట్టినా, చదివేవాళ్లకు అది ఇంకో లీక్ వార్తే అవుతుంది. యూజీసీ నెట్ విషయంలో ఒక స్క్రీన్‌షాట్ అలా చేతులు మారుతూనే పరీక్ష రద్దయ్యేదాకా వెళ్లింది. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడి దాచకండి. ఇంట్లో చెప్పి వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలోంచి వెళ్లిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. పరీక్షకు రెండు రోజుల ముందే ఈ గ్రూపుల నుంచి బయటికి వచ్చేయండి. హాల్ టికెట్ వివరాలు, తేదీల్లో మార్పులు ఏవైనా ఉంటే పరీక్ష నిర్వహించే సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోనే వస్తాయి.